రెండు రేట్లలో దాగిన మూడో రేటు: 6.90 కాదు, 6.79

ఇవాళ 91 రోజులకు డబ్బు ఇస్తే ఏడాదికి 6.50 శాతం చొప్పున వడ్డీ వస్తోందనుకుందాం. 182 రోజులకు ఇస్తే 6.70 శాతం. మరి 91 రోజుల తర్వాత మొదలై ఇంకో 91 రోజులు నడిచే అప్పుకు ఇవాళే రేటు ఖాయం చేసుకోవాలంటే అది ఎంత ఉండాలి? వడ్డీ లెక్కల్లో చెయ్యి తిరిగినవాళ్లు కూడా చాలామంది తడుముకోకుండా 6.90 అనేస్తారు. మొత్తం మీద సగటు 6.70 రావాలి, మొదటి సగంలో 6.50 వచ్చింది, కాబట్టి రెండో సగంలో 6.90 రావాలన్నది వాళ్ల తర్కం. వినడానికి బాగానే ఉంటుంది. సరైన జవాబు మాత్రం 6.79. ఈ 11 బేసిస్ పాయింట్ల తేడా రూ.50 కోట్ల మీద, 91 రోజులకు, రూ.1.37 లక్షలవుతుంది.

భవిష్యత్తులో మొదలయ్యే అప్పుకు ముందే రేటు కట్టేసుకునే ఒప్పందాన్ని ఫార్వర్డ్ రేట్ అగ్రిమెంట్ అంటారు. బజారులో అందరూ ఎఫ్‌ఆర్‌ఏ అనే పిలుస్తారు. మన దేశంలో బ్యాంకులు, ప్రైమరీ డీలర్లు ఇలాంటి ఒప్పందాలు చేసుకోవడానికి రిజర్వు బ్యాంకు 1999 జులైలో దారి తెరిచింది. ఈ ఒప్పందంలో రెండు లెక్కలుంటాయి. మొదటిది, ఒప్పందం రాసుకునే రోజున న్యాయమైన రేటు ఎంతో తేల్చడం. రెండోది, రీసెట్ రోజున ఎవరు ఎవరికి ఎంత కట్టాలో తేల్చడం. రెండింటిలోనూ ఒకే భాగహారం వస్తుంది. రెండు చోట్లా జనం మరిచిపోయేది కూడా దాన్నే.

లెక్క చూడటానికి భారత ప్రభుత్వ ట్రెజరీ బిల్లులకు మించిన ఉదాహరణ దొరకదు. మామూలుగా బుధవారం రిజర్వు బ్యాంకు 91, 182, 364 రోజుల బిల్లులను వేలం వేస్తుంది. గెలిచినవాళ్లు మర్నాడు, గురువారం డబ్బు కడతారు. 91 రోజులంటే సరిగ్గా 13 వారాలు, 182 అంటే 26 వారాలు. కాబట్టి ఈ గురువారం కొన్న 91 రోజుల బిల్లు మరో గురువారానికే తీరుతుంది. ఆ రోజు చేతికొచ్చిన డబ్బుతో కొత్త 91 రోజుల బిల్లు కొంటే, ఇవాళ్టి 182 రోజుల బిల్లు ఏ రోజు తీరుతుందో అదీ అదే రోజు తీరుతుంది. సెలవులు అడ్డురాకపోతే ఒక్క రోజు కూడా ఎక్కువ తక్కువ ఉండదు. రెండు దారులూ ఒకే చోట మొదలై ఒకే చోట ముగుస్తాయి కాబట్టే వాటి మధ్య దాగిన రేటును ఇంత శుభ్రంగా బయటికి తీయగలం. పైన చెప్పిన 6.50, 6.70 మాత్రం లెక్క కోసం నేను పెట్టుకున్న అంకెలు. మీ దగ్గర ఈ వారం వేలం ఫలితాలుంటే వాటినే పెట్టి చూసుకోవచ్చు.

వంద రూపాయలతో మొదలుపెడదాం. రూపాయి లెక్కల్లో ఏడాదికి 365 రోజులు. 182 రోజుల దారిలో వెళ్తే 6.70 శాతం లెక్కన వంద కాస్తా 103.3408 అవుతుంది. 91 రోజుల దారిలో వెళ్తే మొదటి గురువారానికి 101.6205 అవుతుంది. ఇక రెండో సగంలో ఈ 101.6205 రూపాయలు 103.3408కి చేరాలి. అంటే 1.7203 రూపాయలు సంపాదించాలి.

6.90 అన్నవాళ్లు కాలు జారేది ఇక్కడే. ఆ 1.7203ను వాళ్లు వంద మీద వచ్చిన వడ్డీగా చూస్తారు. 91 రోజులకు వంద మీద 1.7203 అంటే ఏడాదికి 6.90 శాతమే, అందులో పొరపాటు లేదు. కానీ రెండో సగంలో పనిచేసే అసలు వంద కాదు. మొదటి సగంలో వచ్చిన వడ్డీ కూడా అందులో కలిసి 101.6205 అయింది. అసలు పెరిగింది కాబట్టి అదే వడ్డీ రావడానికి తక్కువ రేటు చాలు.

6.90 ÷ 1.016205 = 6.79

ఇదే ఆ భాగహారం. మొదటి వ్యవధిలో రూపాయి ఎంత అవుతుందో దానితో భాగించాలి. మొత్తం సూత్రం ఒక్క వరుసలో కావాలంటే ఇలా రాయవచ్చు:

```
F = [ (1 + 0.067 × 182/365) / (1 + 0.065 × 91/365) − 1 ] × 365/91
  = 0.0679
```

శాతాలతో పని లేకుండా బిల్లుల ధరల నుంచి కూడా ఇదే అంకె వస్తుంది. వంద రూపాయల ముఖ విలువ గల 91 రోజుల బిల్లు ధర 98.4053, 182 రోజుల బిల్లు ధర 96.7672. మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే 1.016928 వస్తుంది. ఆ 1.6928 శాతాన్ని 365/91తో గుణిస్తే మళ్లీ 6.79. వేలం ఫలితాల్లో ధర, రాబడి రెండూ ఇస్తారు కాబట్టి ఒక పద్ధతితో చేసిన లెక్కను రెండో పద్ధతితో సరిచూసుకోవచ్చు. రాబడిని రెండు దశాంశాలకు కుదించినప్పుడు నాలుగో అంకె దగ్గర చిన్న తేడా రావచ్చు. ధరనే నమ్మండి.

న్యాయమైన రేటు అని దేనికి అంటున్నాం? అంతకన్నా వేరే రేటు చెబితే ఎవరో ఒకరు నష్టభయం లేకుండా లాభం పట్టుకుపోతారు కాబట్టి. ఒక డీలరు పొరపాటున రూ.50 కోట్ల మీద 6.90 చెప్పాడనుకోండి. ఎదురుగా ఉన్న బ్యాంకు 182 రోజులకు 6.70 శాతానికి రూ.49.20 కోట్లు సమకూర్చుకుని, 91 రోజుల బిల్లులు కొంటుంది. మొదటి గురువారానికి అది రూ.50 కోట్లవుతుంది. రెండో సగానికి 6.90 శాతం ముందే కట్టేసుకుంది కాబట్టి చివరికి చేతిలో రూ.50,86,01,370 ఉంటాయి. తీర్చాల్సింది రూ.50,84,64,203. మిగులు రూ.1,37,167. వడ్డీ రేట్లు ఎటు పోయినా ఆ మిగులు మారదు. అయితే ప్రభుత్వం అప్పు తెచ్చుకునే రేటుకే ఇంకెవరికీ అప్పు దొరకదు కాబట్టి నిజం బజారులో ఈ గీత ఇంత సన్నగా ఉండదు. 6.79కి అటూ ఇటూ కొంత గట్టు ఉంటుంది, డీలరు కొనే ధర, అమ్మే ధర ఆ గట్టు మీదే నడుస్తాయి. తన ఖాతాలో 182 రోజుల బిల్లులు ఉన్న బ్యాంకు మాత్రం అప్పు తేనక్కర్లేదు. వాటిని అమ్మి 91 రోజుల బిల్లులు కొంటే చాలు. గట్టు మరీ వెడల్పు కాకుండా చూసేది అలాంటివాళ్లే.

ఇక ఒప్పందం ఎవరికి అవసరమో చూద్దాం. 2019 అక్టోబరు 1 నుంచి చిన్న పరిశ్రమలకిచ్చే కొత్త చర వడ్డీ రుణాలను, ఆ తర్వాత 2020 ఏప్రిల్ నుంచి మధ్య తరహా పరిశ్రమల రుణాలను బ్యాంకులు బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. రెపో రేటు అందులో ఒకటి. మూడు నెలల ట్రెజరీ బిల్లు రాబడి మరొకటి. కనీసం మూడు నెలలకోసారి రేటు మార్చాలి. గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగు మిల్లు ఉందనుకోండి. పత్తి సీజన్లో సరుకు నిల్వ చేయడానికి రూ.50 కోట్లు అప్పు తీసుకుంది. వడ్డీ ట్రెజరీ బిల్లు రాబడి మీద 2.25 శాతం. ఈ మూడు నెలలకు 6.50 మీద 2.25 కలిపి 8.75 శాతం కడుతోంది. వచ్చే రీసెట్‌లో బిల్లు రాబడి ఎగబాకితే నూలు అమ్మకంలో వచ్చే సన్నని లాభం వడ్డీకే పోతుందని భయం.

అందుకని మిల్లు ఒక బ్యాంకు నుంచి రూ.50 కోట్లకు ఎఫ్‌ఆర్‌ఏ కొంటుంది. ఒప్పంద రేటు 6.79. కాగితం మీద దీన్ని 3x6 అని రాస్తారు. మూడో నెల చివర మొదలై ఆరో నెల చివర ముగుస్తుందని అర్థం. ఆరు నెలల ఒప్పందమనుకుని పొరబడేవాళ్లున్నారు, అది మూడు నెలలదే. రూ.50 కోట్లు చేతులు మారవు. అది లెక్క కట్టడానికి పెట్టుకున్న అంకె మాత్రమే. 91 రోజుల తర్వాత బిల్లు రాబడి 6.79 కన్నా ఎక్కువుంటే బ్యాంకు మిల్లుకు కడుతుంది, తక్కువుంటే మిల్లు బ్యాంకుకు కడుతుంది. ఒప్పందం రాసుకునే రోజున ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వరు. 6.79 న్యాయమైన రేటు కాబట్టే ఇవ్వనక్కర్లేదు.

మూడు నెలలు గడిచి రీసెట్‌కు ముందు రోజు, బుధవారం వచ్చింది. వేలంలో 91 రోజుల బిల్లు కటాఫ్ రాబడి 7.20 శాతంగా తేలింది. మిల్లు భయపడ్డట్టే జరిగింది. ఒప్పంద రేటుకు, దీనికి తేడా 0.41 శాతం. రూ.50 కోట్ల మీద 91 రోజులకు లెక్కేస్తే:

50,00,00,000 × 0.0041 × 91/365 = రూ.5,11,096

గురువారం బ్యాంకు నుంచి మిల్లు ఖాతాలో పడేది మాత్రం ఇంత కాదు, రూ.5,02,083. మిగతా రూ.9,013 ఏమయ్యాయని మిల్లు అకౌంటెంటు ఫోన్ చేయడం సహజం.

ఎక్కడికీ పోలేదు. మిల్లు తన అప్పు మీద ఎక్కువ వడ్డీ కట్టేది ఈ గురువారం కాదు, 91 రోజులు గడిచాక. రూ.5,11,096 భారం పడేది అప్పుడు. ఎఫ్‌ఆర్‌ఏలో డబ్బు చేతులు మారేది మాత్రం వ్యవధి మొదలయ్యే రోజునే, ఎందుకంటే ఆ రోజుకే రేటు తెలిసిపోయింది. ఇంకో మూడు నెలలు ఒకరి బాకీ మరొకరు మోయడంలో అర్థం లేదు, ఆ లోపు ఎదుటివాడు చేతులెత్తేస్తే ఇబ్బంది కూడా. మూడు నెలల ముందే ఇస్తున్నారు కాబట్టి మూడు నెలల వడ్డీ తగ్గించి ఇస్తారు. తగ్గించేది ఆ రోజు తేలిన 7.20 శాతం రేటుతోనే:

5,11,096 ÷ (1 + 0.072 × 91/365) = 5,11,096 ÷ 1.017951 = రూ.5,02,083

మొదట చూసిన భాగహారమే మళ్లీ వచ్చింది. అక్కడ మొదటి 91 రోజుల్లో రూపాయి ఎంత పెరిగిందో దానితో భాగించాం, ఇక్కడ రెండో 91 రోజుల్లో ఎంత పెరుగుతుందో దానితో భాగిస్తున్నాం. ఒక తేదీన ఉన్న డబ్బును మరో తేదీకి జరిపినప్పుడల్లా చేయాల్సిన పని ఇదే.

సెటిల్‌మెంట్ కాగితం చేతికొచ్చినప్పుడు అది సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి సూత్రం గుర్తుండనక్కర్లేదు. వచ్చిన డబ్బును ఆ రోజు రేటుకు ఆ వ్యవధికి వడ్డీకి వేసి చూడండి. రూ.5,02,083ను 7.20 శాతానికి 91 రోజులు పెడితే రూ.5,11,096 రావాలి, వస్తుంది. బ్యాంకు పొరపాటున 7.20కి బదులు ఒప్పంద రేటు 6.79తో భాగించి ఉంటే రూ.5,02,588 వచ్చేది. తేడా దాదాపు రూ.505, కంటికి ఆనదు. కానీ 7.20కి వడ్డీ వేసి చూస్తే లెక్క రూ.5,11,096 దాటిపోతుంది, దాంతో తప్పు దొరికిపోతుంది. ఏడాదికి 360 రోజులు పెట్టుకునే విదేశీ అలవాటు ఎవరి ఎక్సెల్ షీట్‌లోనో మిగిలిపోయి ఉంటే తేడా వేలల్లోకి పోతుంది. భాగహారానికి ముందే అంకె రూ.5,18,194 అయి కూర్చుంటుంది. డాలరు, యూరోలకు 360 సరైనదే, రూపాయికి కాదు.

మిల్లుకు చివరికి ఏం మిగిలింది? అప్పు మీద వడ్డీ 7.20 మీద 2.25 కలిపి 9.45 శాతం. 91 రోజులకు రూ.1,17,80,137. అందులోంచి ఎఫ్‌ఆర్‌ఏ తెచ్చిపెట్టిన రూ.5,11,096 తీసేస్తే రూ.1,12,69,041. ఇది సరిగ్గా 9.04 శాతం, అంటే 6.79 మీద 2.25. మూడు నెలల కిందట కట్టేసుకున్న రేటు ఒక్క రూపాయి కూడా జారకుండా నిలబడింది. ముందుగా వచ్చిన రూ.5,02,083ను మిల్లు తన అప్పులోనే జమ వేసుకుంటే 9.45 శాతం వడ్డీ మిగులుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త లాభమే. కట్టాల్సి వచ్చినప్పుడు ఇదే ఎదురు తిరుగుతుంది. మిల్లు ఆ డబ్బును బిల్లు రాబడి కన్నా 2.25 శాతం ఎక్కువ వడ్డీకి తెచ్చి కడుతుంది, కానీ దాన్ని తగ్గించింది మాత్రం బిల్లు రాబడితోనే.

ఇప్పుడు ఎక్కువ గొడవలు వచ్చే సందర్భం చూడండి. రీసెట్ రోజున రాబడి 7.20 కాకుండా 6.70 దగ్గర ఆగిందనుకుందాం.

“రేటు పెరుగుతుందనే కదండీ ఇది కొన్నాం? 6.50 నుంచి 6.70కి పెరిగింది కూడా. మళ్లీ మేమే మీకు లక్షా పదివేలు కట్టాలా?” అని మిల్లు ఫైనాన్స్ మేనేజరు అడుగుతాడు.

“పెరిగింది సార్. కానీ మీరు కొన్నది 6.50కి కాదు, 6.79కి” అంటాడు బ్యాంకు డీలరు.

డీలరు చెప్పింది నిజం. 6.79కి, 6.70కి తేడా 0.09 శాతం. రూ.50 కోట్ల మీద 91 రోజులకు రూ.1,12,192. దాన్ని 6.70తో వెనక్కి జరిపితే రూ.1,10,349. ఇది మిల్లు కట్టాలి. రేట్లు కొంత పెరుగుతాయన్న లెక్క 182 రోజుల బిల్లు రాబడిలో ఇదివరకే చేరిపోయి ఉంది, అందుకే అది 6.70 దగ్గర ఉంది. ఎఫ్‌ఆర్‌ఏ కొన్నవాడు గెలవాలంటే రేటు పెరిగితే చాలదు, 29 బేసిస్ పాయింట్ల కన్నా ఎక్కువ పెరగాలి. అలాగని 6.79ని జోస్యంగా తీసుకోవడానికీ లేదు. మూడు నెలల తర్వాత రేటు ఎంత ఉంటుందో అది చెప్పదు. ఇవాళ ఏ రేటుకు కట్టుకుంటే ఇరుపక్షాలకూ సమానమో అది మాత్రమే చెబుతుంది. మిల్లు ఈసారి లక్షా పదివేలు కట్టినా దాని మొత్తం ఖర్చు 9.04 శాతమే. అది కొన్నది రేటు పెరుగుదల మీద పందెం కాదు, ఖాయమైన ఖర్చు. ఫైనాన్స్ మేనేజరు ఈ మాట ఒప్పందానికి ముందే బోర్డుకు రాసి పెట్టుకుంటే తర్వాత తలనొప్పి ఉండదు.

ఖర్చు ఖాయం అన్నానే గానీ, తేదీలు కలిస్తేనే అది నిజం. పైన అంతా చక్కగా సరిపోయింది ఎందుకంటే అప్పు రీసెట్, ఎఫ్‌ఆర్‌ఏ రీసెట్ ఒకే గురువారం అనుకున్నాం. బ్యాంకు అప్పులో రీసెట్ సాధారణంగా నెల తేదీని బట్టి వస్తుంది, మూడు నెలలంటే 90 రోజులు కావచ్చు, 92 కావచ్చు. పైగా అప్పుకు బ్యాంకు తీసుకునేది వేలం కటాఫ్ కాకపోవచ్చు. ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా సంస్థ ప్రకటించే మూడు నెలల బిల్లు రాబడి కావచ్చు. రెండూ ఒక్కచోటే తిరుగుతాయి గానీ ప్రతి రోజూ ఒక్క అంకె దగ్గర నిలవవు. 5 బేసిస్ పాయింట్లు తేడా వచ్చినా రూ.50 కోట్ల మీద అది రూ.62,329. అందుకే ఒప్పంద పత్రంలో రేటు విలువ కన్నా ముందు చదవాల్సినవి రెండు వాక్యాలు: ఏ అంకెను చూస్తారు, ఏ రోజు చూస్తారు. అప్పు పత్రంలోని అవే రెండు వాక్యాలను పక్కన పెట్టి చూడాలి.

నిజం చెప్పాలంటే మన దేశంలో వడ్డీ రేటు భయం ఉన్నవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఎఫ్‌ఆర్‌ఏ దగ్గరికి కాదు, ఒక్కరోజు మైబార్ రేటుకు ముడిపడిన స్వాప్ దగ్గరికి. డాలరు లైబార్ ప్యానెల్ 2023 జూన్ 30తో ముగిసి ఒక్కరోజు రేటు సోఫర్ ఆ స్థానంలోకి వచ్చాక డాలర్లలోనూ ఎఫ్‌ఆర్‌ఏ బజారు ఎండిపోయింది. కారణం పైన చెప్పిన లెక్కలోనే ఉంది. ట్రెజరీ బిల్లు రాబడి, యూరిబార్ లాంటి రేట్లు వ్యవధి మొదట్లోనే తెలుస్తాయి కాబట్టి ఆ రోజే లెక్క తేల్చి, వడ్డీ తగ్గించి ఇచ్చేయవచ్చు. ఒక్కరోజు రేట్లను మూడు నెలల పాటు రోజూ కలుపుకుంటూ పోతే అసలు రేటు ఎంతో తేలేది చివరి రోజునే. అప్పుడు డబ్బు చేతులు మారేదీ చివర్లోనే. రూ.5,11,096 బాకీ అయితే రూ.5,11,096 పూర్తిగా ఇస్తారు, 1.017951తో భాగించే పని ఉండదు. పాత ఎఫ్‌ఆర్‌ఏ షీట్‌ను తీసుకెళ్లి కొత్త స్వాప్‌కు వాడితే తప్పేది సరిగ్గా ఆ గడిలోనే.